పది లారీలు, ఒక షెడ్డు



ఒక కంకర క్వారీ ఉందనుకుందాం. ఆ యజమానికి పది టిప్పర్ లారీలు ఉన్నాయి. పదింటికీ కలిపి ఒకటే షెడ్డు. షెడ్డులో ఒక మేస్త్రీ, ఆయన కింద ఇద్దరు హెల్పర్లు. వాళ్ళు ఒకసారికి ఒక బండినే చూడగలరు. ఒక బండి మీద పని నడుస్తుండగా ఇంకోటి వస్తే, అది బయట నిలబడాల్సిందే. ఈ ప్రసంగం పూర్తయ్యేదాకా మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే సంఖ్యలు. ఒకటి 20, రెండోది 2. బాగున్న బండి సగటున 20 రోజులు తిరిగాక ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. మేస్త్రీ చెయ్యి వేశాక సగటున 2 రోజుల్లో బాగవుతుంది. మళ్ళీ చెబుతున్నాను. పరుగు 20 రోజులు, రిపేరు 2 రోజులు. సగటున అన్నమాట మరవకండి. కమాన్ పట్టీ విరిగితే పూట పని. గేర్‌బాక్స్ దించితే వారం. అన్నీ కలిపి చూస్తే రెండు రోజులు. ఇప్పుడు ప్రశ్న ఇది. ఏ రోజున చూసినా, పది బండ్లలో సగటున ఎన్ని ఆగిపోయి ఉంటాయి?

ఈ ప్రశ్నకు చప్పున తట్టే జవాబులు రెండున్నాయి. రెండూ తప్పే. మొదటి జవాబు ఇలా వస్తుంది. బండి 20 రోజులు తిరుగుతుంది, 2 రోజులు ఆగుతుంది. అంటే 22 రోజుల్లో 2 రోజులు నష్టం, పదకొండింట ఒక వంతు. పది బండ్లున్నాయి కాబట్టి రోజుకు సగటున ఒక బండి, ఇంకా చెప్పాలంటే ఒకటికి కాస్త తక్కువే, ఆగి ఉంటుంది. తొమ్మిది బండ్లు తిరుగుతాయి. వినడానికి బాగుంది. చాలామంది యజమానులు అద్దె ఒప్పుకునేటప్పుడు మనసులో వేసుకునే లెక్క కూడా ఇదే. కానీ ఈ లెక్కలో ప్రతి బండికీ ఒక సొంత మేస్త్రీ ఉన్నాడు. బండి ఆగిన క్షణాన ఆయన పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మన క్వారీలో అలా లేదు. పది బండ్లకు ఒకే మేస్త్రీ.

రెండో జవాబు వరసల శాస్త్రం కొద్దిగా చదువుకున్నవాళ్ళది. వాళ్ళిలా అంటారు. ఒక్కో బండి 20 రోజులకోసారి పాడవుతుంది, బండ్లు పది, కాబట్టి రెండు రోజులకో బండి షెడ్డుకొస్తుంది. షెడ్డు కూడా రెండు రోజులకో బండినే బాగుచేయగలదు. వచ్చేదీ వెళ్ళేదీ సమానం. షెడ్డుకు ఊపిరి పీల్చుకునే సందే లేదు. అలాంటి చోట వరస పెరుగుతూనే పోతుంది, దానికి అంతు ఉండదు అని మామూలు సూత్రం చెబుతుంది. రైల్వే స్టేషన్ టికెట్ కౌంటరుకు ఆ సూత్రం సరిపోతుంది. అక్కడ వరసలో వందమంది నిలబడ్డా, ఊళ్ళోంచి వచ్చే జనం తగ్గరు. మన క్వారీలో మాత్రం పదే బండ్లు. నాలుగు షెడ్డు దగ్గర ఆగితే, రోడ్డు మీద ఆరే మిగులుతాయి. పాడవడానికి ఆ ఆరే ఉన్నాయి. పదీ ఆగిపోతే కొత్తగా పాడయ్యే బండే ఉండదు. అంటే వరస పెరిగేకొద్దీ, ఆ వరసలోకి కొత్తగా వచ్చేవి తగ్గుతాయి. తన వేగానికి తనే కళ్ళెం వేసుకునే వరస ఇది. ఈ ఒక్క సంగతి మొత్తం లెక్కను మార్చేస్తుంది.

కాబట్టి నిజం ఆ రెండు జవాబుల మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడుందో కనిపెట్టడానికి పెద్ద గణితం అక్కర్లేదు. పది బండ్లతో మొదలుపెడితే తికమక పడతాం కాబట్టి, ముందు మూడే బండ్లు తీసుకుందాం. అదే 20 రోజుల పరుగు, అదే 2 రోజుల రిపేరు. ఒక్క సూత్రం పట్టుకోండి చాలు. చాలాకాలం గమనిస్తే, 'ఒక్క బండీ ఆగలేదు' అనే స్థితి నుంచి 'ఒకటి ఆగింది' అనే స్థితికి ఎన్నిసార్లు దిగామో, అన్నిసార్లు మళ్ళీ పైకి ఎక్కి ఉండాలి. మెట్టు దిగినవాడు మళ్ళీ దిగాలంటే ముందు ఎక్కాలి కదా. దిగుడులూ ఎక్కుడులూ సమానం. అంతే సూత్రం.

ఇప్పుడు లెక్క వేద్దాం. నెమ్మదిగా వినండి, అన్నీ తేలికైన అంకెలే. మూడు బండ్లూ తిరిగిన రోజులు 1000 ఉన్నాయనుకోండి. అలాంటి రోజున మూడు బండ్లకూ కలిపి పాడయ్యే అవకాశం ఇరవైలో మూడు. కాబట్టి ఆ 1000 రోజుల్లో 150 సార్లు ఒక బండి ఆగింది. 150 సార్లు కిందికి దిగామంటే 150 సార్లు పైకి ఎక్కాలి. ఒక్కో ఎక్కుడుకు షెడ్డుకు 2 రోజులు పడుతుంది. అంటే ఒకే బండి ఆగి ఉన్న రోజులు 300. ఇప్పుడు ఆ 300 రోజులను చూడండి. ఆ రోజుల్లో తిరిగేవి రెండే బండ్లు. పాడయ్యే అవకాశం ఇరవైలో రెండు, అంటే పదింట ఒకటి. 300 రోజుల్లో 30 సార్లు రెండో బండి కూడా ఆగింది. ఒక్కోదానికి 2 రోజుల చొప్పున, రెండు బండ్లు ఆగి ఉన్న రోజులు 60. ఆ 60 రోజుల్లో తిరిగేది ఒక్క బండే. అది ఇరవై రోజులకోసారి చొప్పున మూడుసార్లు ఆగుతుంది. కాబట్టి మూడూ ఆగిపోయిన రోజులు 6. వెయ్యి, మూడొందలు, అరవై, ఆరు. మొత్తం 1366 రోజులు. ఈ రోజుల్లో పోయిన బండి-రోజులు ఎన్ని? 300 రోజులు ఒక్కో బండి, 60 రోజులు రెండేసి, 6 రోజులు మూడేసి. కలిపితే 438. 438ని 1366తో భాగిస్తే మూడో వంతు కంటే కాస్త తక్కువ, 0.32 బండి. మూడు బండ్లలో సగటున మూడో వంతు బండి ఆగి ఉంటుందన్నమాట. ఇందాక చప్పున వేసుకున్న లెక్క 0.27 అని చెప్పేది. పెద్ద తేడా లేదు. మూడు బండ్ల యజమానికి చప్పున వేసిన లెక్క దాదాపుగా సరిపోతుంది. ఆ 438 బండి-రోజుల్లో మేస్త్రీ చెయ్యి పడ్డవి 366, ఊరికే నిలబడ్డవి 72 మాత్రమే. ఈ ఆఖరి మాట గట్టిగా పట్టుకోండి. మూడు బండ్లప్పుడు, ఊరికే నిలబడటం చిన్న విషయం.

ఇదే లెక్కను పది బండ్లతో చేద్దాం. మెట్లు మూడుకు బదులు పది. పద్ధతి అదే, కాగితం మీద పది నిమిషాల పని. అంకెలన్నీ చదివి మిమ్మల్ని విసిగించను. జవాబు చెబుతాను. పది బండ్లలో సగటున ఆగి ఉండేవి రెండు పైన కాస్త. కచ్చితంగా చెప్పాలంటే 2.15. ఒకటికి కాస్త తక్కువ అనుకున్నది, రెండు దాటింది. తిరిగేవి తొమ్మిది కాదు, ఎనిమిది కూడా కాదు, 7.85. ఈ రెండూ చిల్లర బండ్లలో నిజంగా మేస్త్రీ చేతికింద ఉండేది ముప్పావు బండికి కాస్త పైన. మిగిలినవి, ఒకటిన్నరకు కాస్త తక్కువగా, ఊరికే బయట వరసలో నిలబడినవి. ఇంకో రకంగా చెబుతాను. ఒక బండి షెడ్డుకు వచ్చి బాగై తిరిగి వెళ్ళేసరికి సగటున ఐదున్నర రోజులు పోతాయి. అందులో రిపేరు 2 రోజులు. నిలబడింది మూడున్నర రోజులు. మళ్ళీ వినండి. రిపేరు రెండు రోజులు, నిరీక్షణ మూడున్నర రోజులు. నేను ఈవేళ చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు అంకెల్లో ఉంది. పది బండ్ల యజమానిని ముంచేది రిపేరు కాదు. రిపేరు కోసం నిలబడటం.

ఈ జవాబు నమ్మబుద్ధి కాకపోతే, దాన్ని సరిచూసుకునే దారి ఒకటుంది. మెట్ల లెక్కంతా మర్చిపోయినా పర్లేదు. ఒక్క విషయం గమనించండి. వంద రోజుల్లో షెడ్డు ఎన్ని రోజులు పని మీద ఉంది? మన క్వారీలో 78, 79 రోజులు ఉంటుంది. మిగతా 21 రోజులు ఖాళీ. ఒక్కో రిపేరుకు 2 రోజులు కాబట్టి, ఆ వంద రోజుల్లో బాగైన బండ్లు 39 పైన కాస్త. ఒక్కో బండీ పాడయ్యే ముందు సగటున 20 రోజులు తిరిగి ఉండాలి. దాన్ని ఇరవైతో హెచ్చవేస్తే సుమారు 785 బండి-రోజులు తిరిగాయన్నమాట. పది బండ్లకు వంద రోజుల్లో ఉన్నవి 1000 బండి-రోజులు. తేడా 215. వంద రోజులకు 215 అంటే, రోజుకు రెండు బండ్లకు పైనే. ఈ దారిలో బండ్లు ఎప్పుడెప్పుడు ఎలా పాడయ్యాయో తెలియనక్కర్లేదు. షెడ్డు ఖాళీగా ఉన్న రోజుల లెక్క ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ 21 శాతం అనే అంకె టెలిఫోన్ ఇంజనీర్లకు పాత చుట్టం. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ప్రచురించాడు. ఎక్స్ఛేంజిలో ఇన్ని లైన్లుంటే, లైను దొరక్క ఎన్ని కాల్స్ పోతాయో అది చెబుతుంది. మన షెడ్డు లెక్క ఆ సూత్రమే. తిరుగుతున్న బండిని మాట్లాడుతున్న లైను అనుకోండి. షెడ్డులోంచి బాగై బయటికొచ్చే బండి కొత్త కాల్ అనుకోండి. పది లైన్లూ నిండితే కొత్త కాల్‌కు చోటు లేదు. పది బండ్లూ తిరుగుతుంటే షెడ్డుకు పని లేదు. రెండింటికీ ఒకటే అంకె వస్తుంది. తర్వాత 1947లో స్వీడన్ ఇంజనీరు కోనీ పామ్, ఒక పనివాడు అనేక యంత్రాలను చూసుకునే ఫ్యాక్టరీల కోసం ఈ లెక్కను విడిగా రాశాడు. మగ్గాలైనా లారీలైనా, కొన్నే ఉండి, బాగుచేసేవాడు ఒక్కడే అయినచోటల్లా ఇదే వరస.

సరే, ఇప్పుడు యజమాని ఏమంటాడో చూద్దాం. ఆయన మొదటి అభ్యంతరం చాలా సహజమైనది. "షెడ్డు చిన్నదంటున్నారు. కానీ వంద రోజుల్లో 21 రోజులు మావాళ్ళు టీ తాగుతూ కూర్చుంటున్నారు. పని లేని షెడ్డుకు ఇంకో మేస్త్రీని ఎందుకు పెట్టాలి?" ఆయన కళ్ళతో చూసింది నిజమే. కానీ అదే వంద రోజుల్లో ఆయన చూడని, చూసినా ఖర్మ అనుకుని వదిలేసిన రోజులు ఇంకో 22 ఉన్నాయి. ఆ రోజుల్లో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ బండ్లు ఆగి ఉంటాయి. 21 రోజులు షెడ్డు ఖాళీ, 22 రోజులు షెడ్డు బయట బారులు. రెండూ అదే షెడ్డు, అదే మేస్త్రీ. ఒక బండికి గేర్‌బాక్స్ దించి పళ్ళచక్రాలు గోనెపట్టా మీద పరిచి ఉంటే, దాని వెనక ఒకే ఒక్క కమాన్ పట్టీ విరిగిన బండి నాలుగు రోజులు ఎండలో నిలబడుతుంది. దాని డ్రైవరు బత్తా లేకుండా క్యాబిన్‌లో పడుకుంటాడు. బండ్లు వంతులు వేసుకుని పాడవ్వవు. ఖాళీ రోజుల్లో మిగిలిన మేస్త్రీ సమయాన్ని డబ్బాలో దాచి రద్దీ రోజున వాడుకోలేం. ఖాళీగా ఉన్న రోజులు షెడ్డు పెద్దదనడానికి సాక్ష్యం కావు.

మరి రెండో మేస్త్రీని, ఆయనకో ఇద్దరు హెల్పర్లను పెడితే ఏమవుతుంది? మెట్ల లెక్క మళ్ళీ వేస్తే, ఆగి ఉండే బండ్లు 2.15 నుంచి దాదాపు ఒకటికి, 1.04కు పడిపోతాయి. షెడ్డు దగ్గర నిరీక్షణ మూడున్నర రోజుల నుంచి ఒక పూటకు దిగుతుంది. పైగా ఒక బండి, ఇంకాస్త ఎక్కువే, రోడ్డు మీదికి వస్తుంది. అయితే ఇప్పుడు రెండు జట్లూ సగం కంటే ఎక్కువ రోజులు ఖాళీగా కనిపిస్తాయి. యజమానికి కడుపు మండేది ఇక్కడే. ఆయన ఆలోచన ఇంకో దారి పడుతుంది. "జట్టుకు జీతాలివ్వడం కన్నా ఇంకో బండి కొంటే పోలేదా? ఆగేవి ఆగుతాయి, కొత్తది తిరుగుతుంది." ఈ మాట కొంచెం సేపు పరిశీలించాల్సిందే. ఎందుకంటే చాలా చోట్ల జరిగేది ఇదే.

పదకొండో బండి కొన్నారనుకుందాం. షెడ్డు అదే. లెక్క వేస్తే తిరిగే బండ్లు 7.85 నుంచి 8.37కు పెరుగుతాయి. అంటే మొత్తం బండికి డబ్బులు పోశారు, వచ్చింది సగం బండి. మిగతా సగం వెళ్ళి షెడ్డు ముందు వరసలో చేరింది. పన్నెండోది కొంటే వచ్చేది ఇంకా తక్కువ, 0.43. ఇలా ఎన్ని కొన్నా ఒక గోడ దగ్గర ఆగిపోతాం. షెడ్డు రెండు రోజులకో బండిని బయటికి పంపుతుంది. బయటికెళ్ళిన బండి 20 రోజులు తిరుగుతుంది. కాబట్టి షెడ్డు ఒక్క నిమిషం కూడా ఖాళీ లేకుండా పనిచేసినా, తిరుగుతుండే బండ్లు సగటున పదికి మించవు. యాభై బండ్లు కొన్నా పదే తిరుగుతాయి, నలభై వరసలో ఉంటాయి. ఈ గోడ ఎక్కడుందో తెలుసుకోవడానికి పరుగు రోజుల్ని రిపేరు రోజులతో భాగించండి. 20ని 2తో భాగిస్తే 10. మీ బండ్ల సంఖ్య ఆ అంకెకు చాలా తక్కువగా ఉంటే, మూడు బండ్ల యజమానిలా నిశ్చింతగా ఉండవచ్చు. ఆ అంకెను చేరిందంటే, కొత్త బండి కొనడం దండగ. ఫైనాన్స్ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఈ భాగహారం ఒక్కటి చేసి చూడాలి.

ఇంతకంటే మంచి దారి ఇంకోటి ఉంది. రెండో జట్టు కాకుండా, ఉన్న జట్టునే రెండింతలు వేగంగా చేయగలిగితే? క్రేన్, మంచి పానాలు, బిగించడానికి సిద్ధంగా ఉంచుకున్న స్పేర్ గేర్‌బాక్స్, ఇవి ఉండి సగటు రిపేరు రెండు రోజుల నుంచి ఒక రోజుకు దిగితే, ఆగే బండ్లు 0.76. రెండు జట్లతో వచ్చిన 1.04 కన్నా ఇది మెరుగు. ఎందుకంటే ఒకే బండి ఆగి ఉన్న రోజున, రెండు జట్లున్నా రెండోది ఉత్తినే చూస్తూ ఉంటుంది. వేగమైన జట్టు మాత్రం ఆ ఒక్క బండినీ త్వరగా పంపించేస్తుంది. ఇక రిపేరు వేగం మార్చకుండా, గ్రీజు కొట్టడం, నట్లు బిగించడం, టన్నేజీకి మించి లోడు వేయకపోవడం వంటివి చేసి పరుగును 20 రోజుల నుంచి 40కి పెంచితే? జవాబు మళ్ళీ అదే 0.76. సూత్రం చూసేది రెండింటి నిష్పత్తినే. రిపేరు సగమైనా, పరుగు రెట్టింపైనా దానికి ఒకటే. యజమాని జేబుకు మాత్రం ఒకటి కాదు. పరుగు పెరిగితే రిపేర్లే తక్కువ, స్పేర్ల ఖర్చూ తక్కువ.

చదువుకున్న శ్రోతలు కొందరు ఇంకో అభ్యంతరం చెబుతారు. "మీ లెక్కలో రిపేరు ఎంతసేపు పడుతుందో చాలా ఎగుడుదిగుడుగా ఉంటుందని ముందే ఊహించారు. చాలా చిన్న పనులు, అక్కడక్కడ మహా పెద్ద పని. నిజంలో అలా లేకపోతే?" న్యాయమైన ప్రశ్నే. దీన్ని చివరిదాకా లాగి చూద్దాం. ప్రతి రిపేరూ గడియారం పెట్టినట్టు సరిగ్గా రెండు రోజులే పడుతుందనుకుందాం. పూట పనీ లేదు, వారం పనీ లేదు. అప్పుడు ఆగే బండ్లు 2.15 నుంచి 1.79కి దిగుతాయి. మేలే. కానీ చప్పున వేసిన లెక్క చెప్పిన 0.91 దగ్గరికి రాలేదు, దానికి దాదాపు రెట్టింపు దగ్గరే ఆగింది. రిపేరు సమయాన్ని ఎంత సమానం చేసినా, నిరీక్షణలో పెద్ద భాగం మిగిలే ఉంటుంది. ఎందుకంటే బండ్లు పాడవడం ఇంకా చెప్పాపెట్టకుండా జరుగుతోంది. ఇక మొదటి లెక్కలో పరుగు రోజుల ఎగుడుదిగుళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఒక బండి పది రోజులు, ఒకటి ముప్పై రోజులు తిరిగినా, దాని తీరు ఏదైనా, బండ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడవుతూ, సగటు ఇరవై రోజులే అయితే ఆ 2.15 మారదు. మేస్త్రీ చిన్న పనుల్ని ముందు తీసుకుంటే మాత్రం సగటు తగ్గుతుంది. కమాన్ పట్టీ బండిని గేర్‌బాక్స్ వెనక నిలబెట్టకూడదని మంచి మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ లెక్క చెల్లని చోట్లూ ఉన్నాయి. వానాకాలంలో క్వారీ దారి బురదై నాలుగు బండ్లు ఒకే వారంలో క్లచ్ ప్లేట్లు కాల్చుకుంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడైనట్టు కాదు. అప్పుడు వరస ఈ లెక్క చెప్పినదానికంటే పొడుగ్గా ఉంటుంది. అలాగే స్పేరు కోసం ఎదురుచూస్తూ ఆగిన బండి వేరు. స్పేరు రాకపోతే మేస్త్రీ దాన్ని పక్కకు తోసి ఇంకో బండి మీద పనిచేస్తే, ఆ ఆగిన రోజులు షెడ్డు రోజులు కావు. వాటిని రిపేరు రోజుల్లో కలిపితే లెక్క చెడుతుంది. స్పేరు వచ్చేదాకా బండిని గుంత మీదే ఉంచి షెడ్డును ఆపేస్తే మాత్రం, అవి షెడ్డు రోజులే, కలపాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు సూత్రంలో కాదు, రిజిస్టరులో ఉంటుంది. షెడ్డు రిజిస్టర్లలో సాధారణంగా రెండు తేదీలే ఉంటాయి. బండి వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ. ఆ రెండింటి తేడా మన క్వారీలో ఐదున్నర రోజులు వస్తుంది. లెక్క తెలిసిన గుమాస్తా దాన్నే రిపేరు సమయం అనుకుని సూత్రంలో పెడితే, పది బండ్లలో ఆరుకు పైగా ఎప్పుడూ ఆగే ఉంటాయని జవాబు వస్తుంది. యజమాని బయటికి చూస్తాడు, ఏడెనిమిది బండ్లు తిరుగుతున్నాయి. లెక్కే తప్పని పక్కన పడేస్తాడు. జరిగిందేమిటంటే, నిరీక్షణను రెండుసార్లు లెక్కపెట్టారు. ఒకసారి రిజిస్టరులో, ఒకసారి సూత్రంలో. ఇంకో పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. పది బండ్లు, వంద రోజులు, 39 రిపేర్లు. వెయ్యిని 39తో భాగించి, బండి పాతిక రోజులకోసారి పాడవుతోందని సంబరపడతారు. కానీ ఆ వెయ్యి బండి-రోజుల్లో 215 షెడ్డు దగ్గర నిలబడినవి. నిలబడ్డ బండి పాడవదు. తిరిగిన 785 రోజులనే భాగించాలి. అప్పుడే ఇరవై వస్తుంది.

కాబట్టి శ్రోతల్లో పది, పన్నెండు బండ్లున్న యజమానులెవరైనా ఉంటే ఒక్క మాట. కొత్త బండికి బయానా ఇచ్చేముందు మీ షెడ్డు రిజిస్టరులో ఇంకో గడి గీయించండి. బండి వచ్చిన తేదీ ఉంది, వెళ్ళిన తేదీ ఉంది. మధ్యలో మేస్త్రీ చెయ్యి వేసిన తేదీ కూడా రాయించండి. మూడు నెలలు రాయిస్తే చాలు. వచ్చిన తేదీకీ చెయ్యి వేసిన తేదీకీ మధ్య రోజులు, చెయ్యి వేసిన తేదీకీ వెళ్ళిన తేదీకీ మధ్య రోజుల కంటే ఎక్కువగా కనిపిస్తే, ఆ డబ్బు బండి మీద కాదు, షెడ్డు మీద పెట్టండి.